ఒకే నంబరు, రెండు తలుపులు

సంక్రాంతికి తెనాలి వెళ్తే, మా తమ్ముడి కొడుకు చేతిలో అరిసె పెట్టి, ఎదురుగా ల్యాప్‌టాప్ తెచ్చిపెట్టాడు. వాడు ఇంటర్ మొదటి సంవత్సరం.

"పెదనాన్నా, రౌటర్‌లో పోర్ట్ తెరిచాను. అయినా హైదరాబాద్ నుంచి ఎవరూ రాలేకపోతున్నారు. తప్పెక్కడో చెప్పే ఎర్రర్ కూడా లేదు."

సంగతి ఇదీ. వాళ్లింట్లో మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్ మీద వాడు మైన్‌క్రాఫ్ట్ సర్వర్ ఒకటి నడుపుతున్నాడు. ఆ ఆటలో రెండు రకాలున్నాయి. కంప్యూటర్ల మీద ఆడేది జావా ఎడిషన్. ఫోన్లు, ట్యాబ్‌లు, గేమ్ కన్సోళ్ల మీద నడిచేది బెడ్‌రాక్ ఎడిషన్. ఒకదాని వాళ్లు రెండోదాని సర్వర్‌లోకి నేరుగా వెళ్లలేరు. మావాడు మొదట జావా సర్వర్ పెట్టాడు. బయటివాళ్లు లోపలికి రావడానికి రౌటర్‌లో ఒక రూల్ రాశాడు: 25565 నంబరు పోర్ట్‌కు వచ్చేదంతా 192.168.1.20 అనే లోపలి చిరునామాకు, అంటే ఆ పాత ల్యాప్‌టాప్‌కు పంపు. హైదరాబాద్‌లో ఉన్న మేనత్త కొడుకు తన కంప్యూటర్ నుంచి నెలల తరబడి హాయిగా ఆడుకున్నాడు.

తర్వాత ఫోన్లలో ఆడే చిన్నపిల్లలు మేమూ వస్తామని గొడవ చేశారు. వాళ్ల కోసం అదే ల్యాప్‌టాప్ మీద బెడ్‌రాక్ సర్వర్ కూడా పెట్టాడు. దాని పోర్ట్ నంబరు 19132. రౌటర్‌లో పాత రూల్‌నే కాపీ చేసి, 25565 ఉన్నచోట 19132 అని మార్చి, సేవ్ కొట్టాడు. ఇంట్లో వైఫై మీద ఉన్న ఫోన్లు చక్కగా చేరాయి. హైదరాబాద్ ఫోన్ మాత్రం కాసేపు తిరిగి తిరిగి, చివరికి `Unable to connect to world` అని చేతులెత్తేసింది.

నంబరు సరిగ్గానే ఉంది. లోపలి చిరునామా సరిగ్గానే ఉంది. రూల్ ఆన్‌లోనే ఉంది. కానీ ఆ వరుసలో మావాడు ముట్టుకోని గడి ఒకటి మిగిలిపోయింది. దాని పేరు `Protocol`. అందులో పాత రూల్ నుంచి వచ్చిన `TCP` అలాగే కూర్చుని ఉంది. బెడ్‌రాక్‌కు కావలసింది `UDP`.

డిక్టేషన్, కామెంటరీ

ఇంటర్నెట్ మీద ఒక ప్రోగ్రాం నుంచి ఇంకో ప్రోగ్రాంకు సమాచారం పంపడానికి ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. రెండూ పాతవే. యూడీపీ నిర్వచనాన్ని జాన్ పోస్టెల్ 1980 ఆగస్టులో మూడు పేజీల్లో రాసేశాడు. టీసీపీ ప్రమాణ పత్రం 1981 సెప్టెంబరులో వచ్చింది. అది చాలా పెద్దది, ఎందుకంటే టీసీపీ చేసే పని కూడా పెద్దదే.

టీసీపీని బడిలో మాస్టారి డిక్టేషన్ అనుకోండి. ముందు "రాసుకోవడానికి సిద్ధమేనా?" అని అడుగుతారు. పిల్లలు "సిద్ధం సార్" అంటారు. అప్పుడే మొదలుపెడతారు. ఒక మాట ఎవరికైనా వినబడకపోతే మళ్లీ చెబుతారు. అది రాసేదాకా తర్వాతి మాటకు వెళ్లరు. అందుకే చివరికి అందరి నోటుపుస్తకాల్లోనూ ఒకే పాఠం, ఒకే వరుసలో ఉంటుంది.

యూడీపీ రేడియోలో క్రికెట్ కామెంటరీ లాంటిది. మీరు వింటున్నారా అని వ్యాఖ్యాత అడగడు. మధ్యలో గరగరమని ఒక బంతి సంగతి పోతే, దానికోసం వెనక్కి వెళ్లడు. వెళ్లకూడదు కూడా. ఈలోపు తర్వాతి బంతి పడిపోతుంది.

పరుగెత్తే ఆటలకు రెండోదే నయం. శత్రువు ఎక్కడున్నాడన్న కబురు సెకనుకు ఇరవై సార్లు వస్తోందనుకుందాం. అందులో ఒకటి దారిలో పోయింది. టీసీపీ అయితే, పోయినదాన్ని మళ్లీ తెప్పించుకునేదాకా ఆ తర్వాత వచ్చిన తాజా కబుర్లను కూడా గుమ్మంలోనే నిలబెడుతుంది. తెర మీద మనిషి ఒక్కక్షణం బిగుసుకుపోయి, ఆపైన ఒక్కసారిగా ఎక్కడికో దూకుతాడు. యూడీపీ అయితే పోయింది పోయింది. ఇరవయ్యో వంతు సెకనులో కొత్త కబురు వస్తుంది. పాతది ఇక దేనికీ పనికిరాదు.

అయితే యూడీపీ వాడే ఆటలు అన్నిటినీ గాలికి వదిలేయవు. వస్తువు చేతికొచ్చింది, తలుపు తెరుచుకుంది లాంటి పోకూడని కబుర్లకు తామే రసీదు పద్ధతి పెట్టుకుంటాయి. బెడ్‌రాక్ ఈ పనికి రాక్‌నెట్ అనే లైబ్రరీ వాడుతూ వచ్చింది. ఏది తప్పక చేరాలో, ఏది పోయినా ఫరవాలేదో ఆటే నిర్ణయించుకుంటుంది. ఇక జావా ఎడిషన్ మొదటినుంచీ టీసీపీ మీదే నడుస్తోంది. ఇటుక మీద ఇటుక పేర్చుకునే ఆట కాబట్టి అక్కడ ఆ చిన్న ఆలస్యం పెద్ద బాధ కాదు.

కాబట్టి ఏ పద్ధతి అన్నది ఆట తయారుచేసినవాళ్లు ఎప్పుడో తేల్చేసిన విషయం. రౌటర్ పేజీలో మన ముందుకు అది ఎంపికలా వస్తుంది గానీ, నిజానికి మనం ఎంచుకునేదేమీ లేదు. ఆ ఆటది ఏదో తెలుసుకుని, అదే రాయాలి.

నంబరు సగం చిరునామానే

మావాడి పొరపాటుకు మూలం ఒక సహజమైన అపోహ. పోర్ట్ నంబరు అంటే ఇంటికి ఉన్న ఒక తలుపు అని, దాన్ని తెరిస్తే ఎవరైనా రావచ్చని అందరం అనుకుంటాం. నిజానికి టీసీపీకి తన సొంత వరుసలో 65,535 వరకు నంబర్లున్నాయి. యూడీపీకి వేరే వరుసలో అన్నే నంబర్లున్నాయి. టీసీపీ 19132, యూడీపీ 19132 ఒకే ఊళ్లో రెండు వేర్వేరు వీధుల్లోని ఒకే నంబరు ఇళ్లు. వీధి పేరు లేకుండా నంబరు ఒక్కటే చెప్తే ఆటోవాడు ఎక్కడికి తీసుకెళ్తాడు?

దీనికి మంచి ఉదాహరణ 7777. టెరేరియా ఆట సర్వర్‌కు మామూలుగా ఉండే పోర్ట్ అదే, టీసీపీ మీద. ఆర్క్: సర్వైవల్ ఇవాల్వ్‌డ్ సర్వర్‌కూ మామూలుగా ఉండేది అదే 7777, కానీ యూడీపీ మీద. రెండు సర్వర్లనూ ఒకే కంప్యూటర్ మీద నడిపినా ఈ నంబరు దగ్గర వాటికి పేచీ రాదు.

రౌటర్ చేసే పని ఇప్పుడు చూద్దాం. బయటినుంచి వచ్చే ప్రతి ప్యాకెట్ ముందుభాగంలో, అది ఏ పద్ధతిదో చెప్పే ఒక చిన్న సంఖ్య ఉంటుంది. 6 ఉంటే టీసీపీ, 17 ఉంటే యూడీపీ. రౌటర్ ముందు ఆ సంఖ్య చూసి, ఆ తర్వాతే పోర్ట్ నంబరు చూస్తుంది. ఇళ్లలో వాడే చాలా రౌటర్ల లోపల నడిచేది లినక్సే. వెబ్ పేజీలో మనం నింపిన గడులు లోపల దాదాపు ఇలాంటి ఆజ్ఞగా మారతాయి:

```
iptables -t nat -A PREROUTING -i eth0 -p tcp --dport 19132 -j DNAT --to-destination 192.168.1.20
```

ఇందులో `-p tcp` అన్న ముక్కను తీసేస్తే, `--dport` అన్న మాటను లినక్స్ అసలు ఒప్పుకోదు. వీధి చెప్పకుండా ఇంటి నంబరు చెప్పనివ్వదన్నమాట. మావాడి రూల్‌లో ఆ చోట `tcp` ఉంది. హైదరాబాద్ ఫోన్ పంపిన ప్యాకెట్లలో సంఖ్య 17. రూల్ వాటిని చూసి ఇవి నావి కావనుకుంది. వేరే ఏ రూల్ కిందకూ అవి రాలేదు. అలా వచ్చిన ప్యాకెట్లు రౌటర్ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

ఇంట్లో ఫోన్లు మాత్రం ఎలా చేరాయి? అవి ల్యాప్‌టాప్ ఉన్న నెట్‌వర్క్‌లోనే ఉన్నాయి. ఇంటి లోపల ఒక గదినుంచి ఇంకో గదికి వెళ్లేవాణ్ణి వీధి గుమ్మం దగ్గరి వాచ్‌మన్ ఎందుకు ఆపుతాడు? అందువల్ల ఇంట్లో ఆట నడిచిందంటే సర్వర్ బాగుందని మాత్రమే అర్థం. ఫార్వర్డింగ్ రూల్ గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు.

ఎవరూ ఎందుకు నోరు విప్పరు?

తప్పు జరిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా అని మావాడి కోపం. చెప్పగలిగిన వాళ్లు ముగ్గురున్నారు. ముగ్గురూ చెప్పరు.

మొదటిది రౌటర్. వద్దనుకున్న ప్యాకెట్‌ను అది రెండు రకాలుగా వదిలించుకోవచ్చు. ఇక్కడికి ప్రవేశం లేదని జవాబు పంపి వెనక్కి తిప్పడం ఒకటి, మాట్లాడకుండా పారేయడం రెండోది. ఇంటి రౌటర్లు సాధారణంగా రెండోదే చేస్తాయి. ఇంటర్నెట్‌లో రోజంతా ఎవరెవరో ఇళ్ల పోర్టులు తట్టి చూస్తూనే ఉంటారు. ప్రతివాడికీ జవాబిస్తే, ఈ చిరునామాలో ఎవరో ఉన్నారని మనమే చెప్పినట్టు. అందుకే తలుపు తీయకపోవడమే కాదు, ఎవరది అని కూడా అనదు.

రెండోది యూడీపీయే. కామెంటరీ చెప్పేవాడికి, విన్నారన్న రసీదు ఎప్పుడూ రాదు. కాబట్టి రాకపోవడం వింతేమీ కాదు. పంపిన ఫోన్ దృష్టిలో ప్యాకెట్ బయల్దేరింది, అంతటితో పని అయిపోయింది. అవతల ఎవరూ లేరని ఆటే తన సొంత గడియారం చూసుకుని, కొన్నిసార్లు ప్రయత్నించి, విసిగి విరమించుకోవాలి. అప్పుడు వచ్చే మాట కలవలేకపోయాం అన్న ఒక్కటే. సర్వర్ ఆపేసి ఉన్నా అదే మాట, చిరునామా తప్పయినా అదే మాట, ప్రోటోకాల్ తప్పయినా అదే మాట.

టీసీపీ ఈ విషయంలో కాస్త నయం. జావా ఎడిషన్‌కు పొరపాటున యూడీపీ రూల్ పెట్టారనుకోండి. ఆటగాడి కంప్యూటర్ "సిద్ధమేనా?" అని అడుగుతుంది. జవాబు ఉండదు. ఒక సెకను ఆగి మళ్లీ, ఆపైన రెండు, నాలుగు సెకన్లు, ఇలా ఎడం పెంచుకుంటూ అడుగుతుంది. చివరికి ఆట తెర మీద `Connection timed out` అని పడుతుంది. ఇదే స్థానంలో `Connection refused` అని వచ్చిందంటే కథ పూర్తిగా వేరు. అక్కడ ఎవరో ఒకరు వద్దని నోటితో అన్నారు. అంటే ప్యాకెట్ ఎవరో ఒకరి దాకా చేరింది. చాలాసార్లు అది రూల్ సరిగ్గానే ఉండి, సర్వర్ ప్రోగ్రాం ఆగిపోయినప్పుడు కనిపిస్తుంది. ఈ రెండు సందేశాలనూ ఒకటే అనుకుని చదివేవాళ్లు చేతికందిన ఆనవాలును పోగొట్టుకుంటారు.

మూడోది కంప్యూటర్‌లోని ఫైర్‌వాల్. మావాడి టీసీపీ రూల్ వల్ల, టీసీపీ 19132కు వచ్చిన ప్యాకెట్లు నిజంగానే ల్యాప్‌టాప్ దాకా చేరతాయి. అక్కడ ఆ తలుపు దగ్గర ఏ ప్రోగ్రామూ లేదు. లేదని చెప్పడం టీసీపీ మర్యాద. కానీ విండోస్ ఫైర్‌వాల్ ఆ జవాబును కూడా బయటికి పోనివ్వదు. వినేవాడు లేని పోర్టులను కనబడకుండా దాచడం దాని అలవాటు. కాబట్టి అక్కడ కూడా నిశ్శబ్దమే.

అబద్ధం చెప్పని తప్పు సాక్షి

ఇంతవరకు విన్నాక మావాడు ఒక మాటన్నాడు. నాకు అసలు ఆసక్తి కలిగింది అక్కడే.

"కానీ పెదనాన్నా, మొదటిరోజే ఒకసారి యూడీపీ పెట్టి చూశాను. పోర్ట్ చెకర్‌లో క్లోజ్డ్ అనే వచ్చింది. అందుకే మళ్లీ టీసీపీకి మార్చేశాను."

అంటే సరైన జవాబు రాసి, కొట్టేసి, తప్పు జవాబు రాశాడు!

మన ఇంటి పోర్ట్ తెరిచి ఉందో లేదో బయటినుంచి తట్టి చెప్పే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. నంబరు ఇస్తే ఓపెన్ లేదా క్లోజ్డ్ అంటాయి. వాటిలో ఎక్కువ భాగం తట్టేది టీసీపీ తలుపును మాత్రమే. అందుకు కారణం సులువైనదే. టీసీపీలో "సిద్ధమేనా?" అంటే, వెనక ఏ ప్రోగ్రాం ఉన్నా "సిద్ధం" అన్న జవాబు ఒకే తీరులో వస్తుంది. యూడీపీలో అలాంటి పలకరింపే లేదు. అవతలి ప్రోగ్రాంకు అర్థమయ్యే భాషలో ఏదైనా పంపితేనే అది పలుకుతుంది. ఆ భాష ఒక్కో ఆటకు ఒక్కోటి. అర్థంకాని ప్యాకెట్ వస్తే ఆట సర్వర్ దాన్ని పట్టించుకోదు.

ఈ సంగతిని నిజాయితీగా ఒప్పుకునే పరికరం ఎన్‌మ్యాప్. యూడీపీ పోర్ట్‌ను పరీక్షించి జవాబేమీ రాకపోతే అది `open|filtered` అని రాస్తుంది. తెరిచి ఉండొచ్చు, మధ్యలో ఎవరైనా అడ్డుకుని ఉండొచ్చు, రెండిటికీ తేడా నాకు తెలియడం లేదు అని దానర్థం. వెబ్ పేజీకి అంత ఓపిక లేదు. టీసీపీ తలుపు తట్టి, జవాబు లేక, క్లోజ్డ్ అనేసింది. అది అడిగిన ప్రశ్నకు అది నిజమే. మావాడు అడగాలనుకున్న ప్రశ్న అది కాదు.

పైగా ఇదే వెబ్‌సైట్ మీద వాడికి గట్టి నమ్మకం. జావా రూల్ పెట్టిన రోజున 25565 ఓపెన్ అని చెప్పింది, ఆట వెంటనే నడిచింది. ఒకసారి నిజం చెప్పిన సాక్షిని రెండోసారీ నమ్మాడు. ఆ వెబ్‌సైట్ క్లోజ్డ్ అన్నాక, యూడీపీ రూల్ ఉండగా హైదరాబాద్‌కు ఫోన్ చేసి ఒక్కసారి ప్రయత్నించమని కూడా అనలేదు. అంటే ఉన్న ఒకే ఒక్క సరైన పరీక్ష జరగనే లేదు.

సర్వర్‌నే అడుగుదాం

రౌటర్ జోలికి పోయే ముందు సర్వర్ ప్రోగ్రాం ఏ తలుపు దగ్గర కూర్చుందో దాన్నే అడగొచ్చు. రెండు సర్వర్లూ నడుస్తుండగా విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా టైప్ చేశాం:

```
netstat -ano | findstr "25565 19132"
```

వచ్చినవాటిలో మనకు కావలసినవి ఈ రెండు వరుసలు:

```
TCP    0.0.0.0:25565    0.0.0.0:0    LISTENING    7312
UDP    0.0.0.0:19132    *:*                       8452
```

మొదటి మాటే మనకు కావలసిన జవాబు. చివరి సంఖ్య ఆ ప్రోగ్రాంకు విండోస్ ఇచ్చిన గుర్తు, అది ప్రతిసారీ మారుతుంది. యూడీపీ వరుసలో `LISTENING` అన్న మాట లేదని మావాడు కంగారుపడ్డాడు. అది లోపం కాదు. వింటున్నాను, కలిశాను, విడిపోయాను అనే దశలు టీసీపీకే ఉంటాయి. యూడీపీకి కనెక్షన్ అన్నదే లేదు కాబట్టి దశా ఉండదు.

ఆటల పేర్లు, పోర్టులు ఉండే జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి. కానీ సర్వర్ సెట్టింగ్స్‌లో ఎవరైనా నంబరు మార్చి ఉండొచ్చు, జాబితా పాతదై ఉండొచ్చు. నడుస్తున్న ప్రోగ్రాం చెప్పేది మాత్రం ఇప్పటి నిజం.

తర్వాత ప్యాకెట్లు ఎక్కడిదాకా వస్తున్నాయో చూడాలి. దీనికి వైర్‌షార్క్ అనే ఉచిత ప్రోగ్రాంను ల్యాప్‌టాప్‌లో పెట్టి, `udp port 19132` అన్న ఫిల్టర్‌తో తెరిచాం. హైదరాబాద్ అబ్బాయిని వైఫై ఆపి, మొబైల్ డేటా మీదనుంచి చేరడానికి ప్రయత్నించమన్నాం. దూరాన ఎవరూ లేకపోతే మన ఫోన్‌నే మొబైల్ డేటాకు మార్చి ఈ పరీక్ష చేసుకోవచ్చు. ఇంటి వైఫై మీదనుంచి ఇంటి బయటి చిరునామాకు వెళ్లాలంటే కొన్ని రౌటర్లు ఒప్పుకోవు. అప్పుడు సరైన రూల్ కూడా తప్పులా కనిపిస్తుంది.

ఈ పరీక్షలో మూడు రకాల ఫలితాలు రావచ్చు. తెర ఖాళీగా ఉంటే ప్యాకెట్ ల్యాప్‌టాప్ దాకా రాలేదు. తప్పు రౌటర్‌లో గానీ, దానికి అవతల గానీ ఉంది. ప్రోటోకాల్ గడి, లోపలి చిరునామా అక్కడే చూసుకోవాలి. ప్యాకెట్లు వస్తూ, జవాబు మాత్రం వెళ్లకపోతే రౌటర్ నిర్దోషి. ఫైర్‌వాల్‌కు ముందే వైర్‌షార్క్ చూస్తుంది కాబట్టి, ఇక పట్టుకోవలసింది కంప్యూటర్‌లోని ఫైర్‌వాల్‌ను. అక్కడ కూడా ప్రతి రూల్‌కూ టీసీపీ, యూడీపీ అన్న గడి ఉంటుంది, ఇదే పొరపాటు అక్కడా జరగొచ్చు. ప్యాకెట్లు రెండు వైపులా తిరుగుతూ ఆట మాత్రం కుదరకపోతే, గొడవ పోర్టులది కాదు. రెండువైపులా ఆట వెర్షన్లు ఒకటేనా అని చూడాలి.

మావాడి టీసీపీ రూల్ ఉండగా హైదరాబాద్ అబ్బాయి మూడుసార్లు ప్రయత్నించాడు. తెర మీద ఒక్క వరుస కూడా పడలేదు. ఆ గడిని `UDP`కి మార్చి సేవ్ చేశాం. ఫోన్‌లో "ఇప్పుడు చూడరా" అన్నాం. వాడు చేరే మీట నొక్కకముందే వైర్‌షార్క్ తెర మీద వరుసలు పడటం మొదలైంది. బెడ్‌రాక్ సర్వర్ల జాబితా తెరవగానే ఫోన్ ప్రతి సర్వర్‌కూ ఒక చిన్న పలకరింపు పంపుతుంది. సర్వర్ తన పేరు, లోపల ఎంతమంది ఉన్నారు అన్న వివరంతో బదులిస్తుంది. జాబితాలో పేరు పక్కన ఆటగాళ్ల సంఖ్య కనబడిందంటే యూడీపీ రెండువైపులా తిరుగుతోందని అర్థం. ఆ సర్వర్‌కు నిజమైన పోర్ట్ చెకర్ ఆటలోనే ఉంది!

రెండూ తెరిచేస్తే?

"అయితే ఈ గొడవంతా ఎందుకు? `Both` అని ఉంది కదా, అది పెడితే సరిపోదా?" అన్నాడు మావాడు.

మైన్‌క్రాఫ్ట్ బెడ్‌రాక్ విషయంలో పెద్దగా నష్టం లేదు. టీసీపీ 19132 దగ్గర ఎవరూ కూర్చోలేదు కాబట్టి ఆ తలుపు ఖాళీ గోడలోకే తెరుచుకుంటుంది. కానీ దాన్ని అలవాటు చేసుకుంటే ఏదో ఒకరోజు దెబ్బ తగులుతుంది.

కౌంటర్ స్ట్రైక్ సర్వర్‌ను తీసుకోండి. ఆట నడిచేది యూడీపీ 27015 మీద. అదే నంబరు టీసీపీ తలుపు దగ్గర ఆర్‌కాన్ అనే వేరే సేవ ఉంటుంది. పాస్‌వర్డ్ చెప్పినవాడు దూరంనుంచే ఆటగాళ్లను గెంటేయడానికి, మ్యాప్ మార్చడానికి, సర్వర్ సెట్టింగ్‌లు తిప్పడానికి వీలిచ్చేది అదే. ఆడుకోవడానికి యూడీపీ ఒక్కటి చాలు. `Both` పెట్టి, ఆర్‌కాన్‌కు ఏ 1234 లాంటి పాస్‌వర్డో పెట్టి ఉంటే, ఆటగాళ్ల గుమ్మంతో పాటు యజమాని గది తలుపు కూడా ప్రపంచానికి తెరిచినట్టే. జావా ఎడిషన్‌లోనూ ఇలాంటిదే చిన్న సంగతి ఒకటుంది. `server.properties` ఫైల్‌లో `enable-query=true` అని ఉంటే, అదే 25565 నంబరు యూడీపీ తలుపు దగ్గర, లోపల ఎవరెవరు ఆడుతున్నారో అడిగినవాడికల్లా చెప్పే సేవ నడుస్తుంది.

`Both`కు సరైన చోటు పరీక్ష. పనిచేయని రూల్‌ను ఒక్కసారి `Both` చేసి చూడండి. వెంటనే ఆట కుదిరితే తప్పు ప్రోటోకాల్ గడిలోనే ఉందని తేలిపోయింది. అప్పుడు రెండిట్లో అవసరం లేనిదాన్ని తీసేయండి. `Both` పెట్టినా ఉలుకూ పలుకూ లేకపోతే, ఆ గడితో కుస్తీ ఆపి మరోచోట వెతకండి.

ఆ మరోచోట మన ఊళ్లలో తరచుగా ఎదురయ్యేది ఒకటుంది. చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో కంపెనీ ప్రతి ఇంటికీ విడిగా బయటి చిరునామా ఇవ్వదు. ఎన్నో ఇళ్లను ఒకే చిరునామా వెనక కూర్చోబెడుతుంది. అలాంటప్పుడు మన రౌటర్ కంటే ముందు కంపెనీ పెట్టిన ఇంకో గుమ్మం ఉంటుంది. దాని రూల్స్ మన చేతిలో లేవు. రౌటర్ పేజీలో `WAN IP` అన్నచోట 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే చిరునామా కనబడినా, ఐపీ చూపించే వెబ్‌సైట్ చెప్పేదానికీ దానికీ పొంతన లేకపోయినా ఇదే సంగతి. అప్పుడు టీసీపీ పెట్టినా, యూడీపీ పెట్టినా, రెండూ పెట్టినా ఒకటే నిశ్శబ్దం. పబ్లిక్ ఐపీ ఇమ్మని కంపెనీని అడగాలి. మావాడి విషయంలో ఈ అనుమానం మొదటే తీరిపోయింది. అదే రౌటర్ మీద జావా రూల్ నెలలుగా పనిచేస్తోంది కదా.

తిరిగి వచ్చేముందు రౌటర్ పక్కన గోడకు అంటించి ఉన్న కాగితం కంటబడింది. మావాడు పాత రూల్స్ రాసుకున్నది. ఆట పేరు, పోర్ట్ నంబరు, లోపలి చిరునామా అని మూడు గడులు గీశాడు. పోర్ట్ నంబరు గడికి కుడివైపు, ఇరుకైన జాగాలో, కొత్త పెన్నుతో ఇంకో నిలువు గీత గీసి ఉంది. అందులో పైన TCP, కింద UDP అని రాసి ఉంది.